రెండు ఫైళ్ళు, ముగ్గురు ఎగ్జామినర్లు: బీఈడీ పోర్ట్‌ఫోలియోకి మార్కులు వేయడం మీద ఒక కేస్ స్టడీ

గుంటూరులో ఒక బీఈడీ కాలేజీలో మ్యాథ్స్ మెథడాలజీ చెప్తాను. కొత్తగా చేరిన లెక్చరర్లు ప్రతి ఏడాదీ అడిగే ప్రశ్న ఒకటుంది, ఇంటర్న్‌షిప్ అయ్యాక ఛాత్రోపాధ్యాయులు తెచ్చిచ్చే పోర్ట్‌ఫోలియోలో అసలు ఏం చూసి మార్కులు వేయాలి మేడమ్ అని. పైపైన చెప్తే ఎవరికీ ఎక్కదు, అందుకే ఒక బ్యాచ్‌లో వచ్చిన రెండు ఫైళ్ళు తీసుకుని, వాటికి మార్కులు ఎలా పడ్డాయి, ఎందుకు అలా పడ్డాయి, తర్వాత మేం ఏం మార్చాం అనేది రాస్తున్నా. ఆ ఇద్దరినీ, ఆ స్కూళ్ళనీ ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చాను.

ముందు కాస్త సందర్భం. టీచర్ ట్రైనింగ్ కోర్సులకి రూల్స్ పెట్టే ఎన్‌సీటీఈ 2014 రెగ్యులేషన్స్‌తో బీఈడీ రెండేళ్ళయింది, స్కూల్లో గడపాల్సిన టైమ్ మొత్తం 20 వారాలకి పెరిగింది, అందులో 16 వారాలు రెండో ఏడాదిలోనే. దాంతోపాటు పీరియడ్ ప్లాన్లు, అబ్జర్వేషన్ రికార్డు, టీఎల్‌ఎమ్ అనే బోధనోపకరణాల రికార్డు, టెస్ట్ రికార్డు, యాక్షన్ రీసెర్చ్, డైరీ, ఇలా రికార్డులు కూడా పెరిగాయి. చాలామంది దృష్టిలో పోర్ట్‌ఫోలియో అంటే ఇవన్నీ కలిపి స్పైరల్ బైండింగ్ చేయించడమే. కానీ రికార్డు వేరు, పోర్ట్‌ఫోలియో వేరు. రికార్డులో చేసినదంతా ఉంటుంది. పోర్ట్‌ఫోలియోలో చేసినదాంట్లోంచి ఏరుకున్న కొంత ఉంటుంది, ఎందుకు ఏరుకున్నారో, దాన్నుంచి ఏం తెలిసిందో ఉంటుంది. ఈ ఏరడం, కారణం చెప్పడం అనే రెండూ లేకపోతే మనం దిద్దేది ఓపికని మాత్రమే.

సరే, ఫైళ్ళ సంగతికొద్దాం.

మొదటి ఫైలు 160 పేజీలు. కలర్ కవరు, లోపల ప్లాస్టిక్ షీట్లు, ఫోటోలు ల్యామినేషన్. చూడగానే అరండల్‌పేట జిరాక్స్ షాపుల్లో బాగానే ఖర్చయి ఉంటుందని తెలిసిపోతోంది. 24 పీరియడ్ ప్లాన్లు, చార్టులు పట్టుకుని పిల్లలు నిలబడ్డ ఫోటోలు, హెచ్‌ఎం గారి సర్టిఫికెట్, ముగ్గురు పిల్లల టెస్ట్ పేపర్లు, మూడింటికీ ఫుల్ మార్కులే. ప్రతి ప్లాన్ చివర్లో స్వీయ సమీక్ష అని ఒక పేరా, అందులో "నేటి పాఠం విజయవంతంగా సాగినది, విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్నారు" అనే వాక్యం అటూ ఇటూ మారి వస్తూనే ఉంటుంది.

రెండోది పల్చటి ఫైలు, 45 పేజీలు, ట్యాగ్ వేసి కట్టింది. ఒక జడ్పీ హైస్కూల్లో ఆరో తరగతికి దశాంశాలు చెప్పిన నాలుగు వరస పీరియడ్ల ప్లాన్లు, రెండు చిన్న టెస్టులు, పిల్లల పేపర్ల జిరాక్సులు, వాటి పక్కన పెన్నుతో రాసుకున్న నోట్స్. కొట్టివేతలు కూడా ఉన్నాయి.

అప్పట్లో వాడుతున్న మార్కుల షీట్‌లో 10 హెడ్డింగులు, ఒక్కోదానికి 5, మొత్తం 50. పూర్తిగా ఉందా, నీట్‌గా ఉందా, టీఎల్‌ఎమ్ వాడారా, విద్యార్థుల ప్రగతి కనిపించిందా, స్వీయ సమీక్ష ఉందా, ఈ టైపు. ముగ్గురం విడివిడిగా దిద్దాం. మొదటి ఫైలుకి 46, 33, 41 వచ్చాయి. రెండోదానికి 30, 45, 34. ఒకే ఫైలుకి 50లో 15 మార్కుల దాకా తేడా అన్నమాట, పైగా ఇందులో ఏ ఫైలు మెరుగు అన్న దాంట్లోనే ముగ్గురం ఒక మాట మీద లేం. యావరేజ్ తీస్తే మొదటిది గెలుస్తుంది.

ఇప్పుడు రెండో ఫైలు లోపలికి వెళ్దాం, ఎందుకంటే అసలు విషయం అంతా అక్కడే ఉంది.

ఆ ఫైలు తెచ్చిన అమ్మాయి మొదటి టెస్ట్‌లో మూడు ప్రశ్నలిచ్చింది. 0.5, 0.35 లో ఏది పెద్దది? 0.4, 0.125 లో ఏది పెద్దది? 2.3, 2.15, 2.08 లను పెద్దదాని నుంచి చిన్నదానికి రాయండి. 38 మందిలో 27 మంది మూడూ కరెక్ట్‌గా చేశారు, 11 మంది తప్పారు. మామూలుగా రికార్డుల్లో ఇక్కడితో ఆగిపోయి "11 మందికి మరింత అభ్యాసం అవసరం" అని రాస్తారు. ఈమె ఒక పిల్లాడి పేపర్ తీసి అతికించింది. వాడు 0.35 పెద్దదన్నాడు, 0.125 పెద్దదన్నాడు, మూడోదానికి 2.15, 2.08, 2.3 అని రాశాడు. పక్కన ఆమె నోట్: "వీడు చుక్క తర్వాత ఉన్నదాన్ని మామూలు నంబర్‌లా చదువుతున్నాడు, 35 కన్నా 5 చిన్నది, 125 కన్నా 4 చిన్నది, 15, 8, 3. మూడు తప్పులూ ఒకే రూల్ నుంచి వచ్చాయి." తప్పిన 11 మందిలో 8 మంది ఇదే రూల్‌తో చేశారని రోల్ నంబర్లతో సహా రాసింది.

తర్వాత పీరియడ్‌కి ప్లాన్ మార్చింది. మెంటార్ టీచర్ గారు రూపాయలు, పైసలతో చెప్పమన్నారట, ఈమె వద్దనుకుంది, కారణం కూడా రాసింది. డబ్బుల్లో చుక్క తర్వాత ఎప్పుడూ రెండంకెలే ఉంటాయి, 0.5 రూపాయని పిల్లలు 50 పైసలు అని అలవాటుగా అనేస్తారు తప్ప 5 పదో వంతులు అంటే 50 వందో వంతులని తెలిసి కాదు, మూడంకెలొస్తే ఆ దారి మూసుకుపోతుంది. అందుకని 10 అడ్డం 10 నిలువు గళ్ళ కాగితం ఇచ్చి 0.5 కి 50 గళ్ళు, 0.35 కి 35 గళ్ళు రంగు వేయించింది.

రెండో టెస్ట్‌లో మళ్ళీ అలాంటివే మూడు, వాటితో పాటు కొత్తగా ఒకటి: 0.2, 0.85 లో ఏది పెద్దది? ఈసారి అన్నీ కరెక్ట్ చేసినవాళ్ళు 24 మంది. అంటే 27 నుంచి 24కి పడిపోయింది. మొదట తప్పిన 11 మందిలో నలుగురు బాగుపడ్డారు, కానీ మొదట అన్నీ కరెక్ట్ చేసిన 27 మందిలో ఏడుగురు ఈ కొత్త ప్రశ్న దగ్గర 0.2 పెద్దది అన్నారు. వాళ్ళలో ఒక పాపని కూర్చోబెట్టి అడిగితే, "వందో వంతులంటే చిన్న ముక్కలు కదా టీచర్, పదో వంతులే పెద్దవి, అందుకే చుక్క తర్వాత ఒక్క అంకె ఉన్నదే పెద్దది" అని చెప్పిందట. ఈ మాట ఫైల్లో పాప చెప్పినట్టే ఉంది.

ఇక్కడ కాస్త ఆగి చూడండి. అంకెలు ఎక్కువుంటే పెద్దది అనుకునే పిల్లలు ఒక రకం, అంకెలు తక్కువుంటే పెద్దది అనుకునే పిల్లలు ఇంకో రకం. దశాంశాల్లో ఈ రెండు అపోహలూ ఎప్పటినుంచో తెలిసినవే, పరిశోధన కూడా బాగా జరిగింది. మొదటి టెస్ట్‌లో ఇచ్చిన జతలన్నిట్లోనూ అంకెలు తక్కువున్నదే పెద్దది అయింది, అందుకని రెండో రకం పిల్లలు తప్పుడు రూల్‌తోనే ఫుల్ మార్కులు కొట్టేశారు. మూడో ప్రశ్నలో 2.15, 2.08 రెంటికీ రెండేసి అంకెలే కాబట్టి అక్కడా ఇబ్బంది రాలేదు. అంటే ఆ 27 లో ఏడుగురి మార్కులు ఉత్తుత్తివి, అది బయటపెట్టింది ఆ ఒక్క కొత్త ప్రశ్న. ఒక ఛాత్రోపాధ్యాయురాలు తన టెస్ట్‌లో లోపాన్ని తనే పట్టుకుంది, మా షీట్ ప్రకారం మాత్రం "విద్యార్థుల ప్రగతి" దగ్గర మార్కులు పోయాయి, ఎందుకంటే ఒక ఎగ్జామినర్ 27, 24 చూసి ప్రగతి లేదు అని 5 కి 1 వేశారు. ఆయన్ని అనడానికి లేదు, షీట్‌లో అడిగింది అదే.

మొదటి ఫైల్లో ఏముందో కూడా చెప్పాలి కదా. జనవరి 14 తేదీతో ఒక పీరియడ్ ప్లాన్ ఉంది, సంక్రాంతి సెలవుల్లో. ముగ్గురు పిల్లల పేపర్లలో రెండింటి చేతిరాత ఒకటే. టెస్ట్‌లో 10 ప్రశ్నలుంటే పదీ అప్పుడే బోర్డు మీద చేసిన లెక్కలు, అంకెలు కూడా మారలేదు. ఇవి పట్టుకోవడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు, తేదీలు, చేతిరాత, ప్లాన్‌లోని ఉదాహరణకీ టెస్ట్‌లోని ప్రశ్నకీ పోలిక, ఈ మూడూ చూస్తే చాలు. కానీ 160 పేజీల ఫైల్లో ఇవి వెతికే ఓపిక ఎవరికుంటుంది? లావు ఫైలు తెచ్చేవాళ్ళకి ఉన్న ధీమా అదే, పెళ్ళి భోజనంలో పప్పుని ఎవరూ రుచి చూడరన్నట్టు.

లీ షుల్మన్ అనే ఆయన 1980ల రెండో సగంలో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో టీచర్లని అసెస్ చేసే పద్ధతుల మీద పెద్ద ప్రాజెక్టు నడిపాడు, టీచర్ల పోర్ట్‌ఫోలియో ఇంతగా ప్రచారంలోకి రావడంలో ఆ పనికి పెద్ద పాత్ర ఉంది. తర్వాత అదే మనిషి పోర్ట్‌ఫోలియోతో వచ్చే ప్రమాదాలు చెప్తూ మొదట పెట్టింది ల్యామినేషన్. అంటే లోపలి సరుకు వదిలేసి పైమెరుగుల ఎగ్జిబిషన్ అయిపోవడం. మనవాళ్ళు దాన్ని అక్షరాలా చేసి చూపిస్తున్నారు.

ఇంతకీ మేం ఏం మార్చామంటే, ముందు ఫైల్లో పెట్టేది తగ్గించాం. మొత్తం ఇంటర్న్‌షిప్ అక్కర్లేదు, ఒక యూనిట్‌లో మూడు నాలుగు వరస పీరియడ్లు చాలు. క్లాసు గురించి ఒక పేజీ: ఎంతమంది, వాళ్ళకి ముందే ఏం వచ్చు, ఏం చూసి అలా అంటున్నారు. ఆ పీరియడ్ల ప్లాన్లు, మారిస్తే పాతదీ కొత్తదీ రెండూ. టెస్ట్ పేపరు, ముగ్గురు పిల్లల జవాబు పత్రాలు, దిద్దినవి దిద్దినట్టే. మెంటార్ టీచర్ గారి అబ్జర్వేషన్ షీట్ ఒకటి, క్లాసులో జరిగిన మాటల రికార్డింగ్ ఐదారు నిమిషాలు. చివర్లో రెండు పేజీల నోట్, ఏం చూశాను, ఏం మార్చాను, ఏం తేలలేదు. అంతే. పిల్లల పేర్లు కొట్టేసి జిరాక్స్ తీయాలి, మొహాలు కనిపించే ఫోటోలు వద్దు, రికార్డింగ్‌కి హెచ్‌ఎం గారికీ తల్లిదండ్రులకీ ముందే చెప్పి ఒప్పించుకోవాలి.

ఆ ముగ్గురు పిల్లలు ఎవరనేది ఛాత్రోపాధ్యాయులకి వదిలితే ఫుల్ మార్కుల పేపర్లే వస్తాయి. అందుకని సూపర్‌విజన్‌కి వెళ్ళిన లెక్చరర్ అటెండెన్స్ రిజిస్టర్ చూసి అక్కడికక్కడ మూడు రోల్ నంబర్లు చెప్తారు. చిన్న మార్పే కానీ దీనికి దొరికినంత ఫలితం ఇంక దేనికీ దొరకలేదు.

మార్కుల షీట్‌ని 10 హెడ్డింగుల నుంచి 4 ప్రశ్నలకి తెచ్చాం, ఒక్కోదానికి 4 స్థాయిలు. టెస్ట్ తను తెలుసుకోవాలనుకున్నది నిజంగా తెలియజేస్తుందా? పిల్లల పనిలో ఏం చూసింది? చూసినదానికీ తర్వాత పీరియడ్‌లో చేసినదానికీ సంబంధం ఉందా? చెప్పుకున్న ఫలితం ఆధారానికి మించిపోలేదు కదా? అన్నీ వివరించను కానీ రెండో ప్రశ్న స్థాయిలు చెప్తాను, మిగతావి అదే దారి. ఎంతమంది రైటు, ఎంతమంది తప్పు అని లెక్క మాత్రమే చెప్తే 1. ఎలాంటి తప్పులో రకాలుగా విడదీస్తే 2. ఆ తప్పులన్నీ పుట్టించే పిల్లవాడి రూల్ ఏంటో చెప్తే 3. ఆ రూల్ నిజమో కాదో కొత్త ప్రశ్న వేసో, పిల్లల్ని అడిగో సరిచూసుకుంటే 4. "బాగుంది, చాలా బాగుంది, అద్భుతం" లాంటి స్థాయిలు రాసుకుంటే మళ్ళీ ఎవరి బుద్ధికి తోచినట్టు వాళ్ళు వేస్తారు, కాగితం మీద వేలు పెట్టి చూపించగలిగేలా ఉండాలి స్థాయి అంటే.

ఈ షీట్‌తో ఆ పల్చటి ఫైలుని మళ్ళీ చూస్తే రెండో ప్రశ్నకి 4 ఖాయం. మూడోదానికి 3 అనుకున్నాం, ఎందుకంటే 100 గళ్ళ కాగితం పదో వంతులకీ వందో వంతులకీ సరిపోతుంది, 0.125 దగ్గర పనికిరాదు, పైసలతో ఏ ఇబ్బంది వస్తుందని ఆమె రాసిందో అదే ఇబ్బంది తన కాగితానికీ ఉంది, అది గమనించలేదు. నాలుగోదానికి 2 మాత్రమే. నలుగురు బాగుపడ్డారని రాసింది కానీ రెండో టెస్ట్ పెట్టింది గళ్ళు రంగులేయించిన మర్నాడే, వారం పదిరోజులాగి మళ్ళీ చూస్తే ఎంతమందికి నిలిచేదో తెలీదు. ఆ ఏడుగురి సంగతి కూడా అలాగే ఉండిపోయింది, ఈలోపు స్కూల్లో ఫార్మేటివ్ పరీక్షలొచ్చి సిలబస్ ముందుకెళ్ళిపోయింది. అంటే ఇది నూటికి నూరు వేసే ఫైలు కాదు. దీనికి ఎందుకు ఎక్కువ, ఎక్కడ తక్కువ అన్నది మాత్రం ఇప్పుడు ముగ్గురం ఒకేలా చెప్పగలిగాం.

మొదటి ఫైలు? నాలుగింటిలో మూడింటికి 1. చదవడానికి ఏమీ లేదు మరి.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది, దిద్దేవాళ్ళ మార్కులు కలిశాయా లేదా అని చూసేటప్పుడు మోసపోయేది. షీట్ మార్చాక ఇద్దరు ఎగ్జామినర్ల మార్కులు 70 శాతం కలిశాయి అంటే భలే అనిపిస్తుంది. కానీ ఇద్దరూ ఫైలు తెరవకుండానే పదింట ఎనిమిదింటికి 3 వేసుకుంటూ పోయే రకం అనుకోండి, వాళ్ళ 3లే 64 శాతం ఫైళ్ళలో వాటంతటవే కలిసిపోతాయి, 0.8 ని 0.8 తో గుణిస్తే వచ్చేది అదే. అందుకని ఎంత శాతం కలిసింది అనే ముందు 1, 2, 3, 4 లలో ఎవరు దేన్ని ఎన్నిసార్లు వాడారో చూడాలి. అందరికీ 3 పడుతుంటే అది ఏకాభిప్రాయం కాదు, మొహమాటం. దిద్దడం మొదలుపెట్టే ముందు పాత బ్యాచ్ ఫైళ్ళు రెండు మూడు అందరం చదివి, ఇది 2 ఎందుకు, ఇది 4 ఎందుకు అని వాదించుకుని తేల్చుకుంటే కొంత నయం. ఆ గంటన్నర దండగ అని మొదట్లో గొణిగినవాళ్ళే తర్వాత అది లేకుండా దిద్దనంటున్నారు.

ఇంత చేసినా మిగిలిపోయే లోపాలున్నాయి, అవి దాచి చెప్తే మోసం చేసినట్టే.

మొదటిది టైమ్. బుద్ధిగా చదివితే ఒక్కో ఫైలుకి 40 నిమిషాలు పడుతుంది. 50 మంది చొప్పున రెండు యూనిట్లున్న కాలేజీలో 100 మంది, అంటే ఒక్కరు దిద్దితే దాదాపు 67 గంటలు, ఇద్దరు దిద్దాలంటే 133. స్టాఫ్ సగం ఖాళీగా ఉన్న కాలేజీలో ఇది అయ్యే పని కాదు, అక్కడ మళ్ళీ కవరు చూసే మార్కులు పడతాయి. మేమైతే ఒకరు అన్నీ దిద్ది, రెండో మనిషి ప్రతి ఐదో ఫైలుతో పాటు పాసా ఫెయిలా అన్న గీత దగ్గర ఉన్నవి చూస్తున్నాం.

రెండోది, ఇంకా ముదురు సమస్య. ఏది రాస్తే మార్కులొస్తాయో తెలిసిన మరుక్షణం అదే రాస్తారు. "పిల్లల అపోహ" అనే మాట షీట్‌లో ఉందని తెలిసిన మరుసటి ఏడాది ప్రతి ఫైల్లో ఒక అపోహ, ఒక గళ్ళ కాగితం, ఒక బాగుపడిన పిల్లాడు. డబ్బులిస్తే రికార్డు రాసిపెట్టేవాళ్ళు ఎటూ ఉన్నారు, వాళ్ళు కూడా అప్‌డేట్ అయిపోయారు. ఇది మన దగ్గరే అనుకోకండి. అమెరికాలో ఎడ్‌టీపీఏ అని టీచర్ లైసెన్స్ కోసం పెట్టిన పోర్ట్‌ఫోలియో పరీక్ష 2013 నుంచి పూర్తిస్థాయిలో నడిచింది, ప్లాను, వీడియో, పిల్లల పేపర్లు, చాలా సబ్జెక్టుల్లో 15 రూబ్రిక్‌లు, ఒక్కోదానికి 5 స్థాయిలు, ఫీజు 300 డాలర్లు. అంత పకడ్బందీగా కట్టినదాని మీద కూడా ఖర్చెక్కువ, ఇంటర్న్‌షిప్ మొత్తం ఆ ఫైలు చుట్టూనే తిరుగుతోంది అని విమర్శలొచ్చాయి. 2020లో జార్జియా, 2022లో న్యూయార్క్ దాన్ని తప్పనిసరి లిస్టులోంచి తీసేశాయి.

నా లెక్కలో దీనికి ఉన్న మందు రెండు ముక్కలు. ఒకటి, రోజూ రాసుకునే వర్కింగ్ ఫైలుకి మార్కులు వేయకూడదు, అది చూసి మాట్లాడాలి అంతే. మార్కులుంటే ఫెయిలైన పాఠం ఎవరూ రాయరు, మనం కూర్చుని మాట్లాడాల్సింది ఆ పాఠం గురించే. దాంట్లోంచి ఏరి ఇచ్చినదానికే మార్కులు. రెండు, పది నిమిషాల వైవా. ఫైలు మూసేసి, మనం ఎంచిన ఒక పిల్లాడి పేపరు చేతికిచ్చి, వీడు ఈ జవాబు ఎలా రాబట్టాడో చెప్పమ్మా అనాలి. తర్వాత ఇదే పిల్లాడు 0.3, 0.30 లో ఏది పెద్దదంటాడు అని అడగాలి. పేపరు నిజంగా చూసినవాళ్ళు పిల్లాడి రూల్ ప్రకారం ఆలోచించి చెప్తారు. అంకెలు ఎక్కువుంటే పెద్దదనుకునే పిల్లాడైతే 0.30 అంటాడు, తక్కువుంటే పెద్దదనుకునేవాడైతే 0.3 అంటాడు. రాయించుకుని తెచ్చినవాళ్ళు "రెండూ సమానం మేడమ్" అని కరెక్ట్ జవాబు చెప్పి ఆగిపోతారు.

వైవా వల్ల ఇంకో మేలు జరిగింది, ముందు అనుకోనిది. తెలుగు మీడియంలో చదివి, క్లాసులో పిల్లలతో చక్కగా మాట్లాడుతూ, రెండు పేజీల నోట్ రాయమంటే చేతులెత్తేసేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. అదే బ్యాచ్‌లో పీజీ చేసొచ్చి, రాయడం బాగా వచ్చి, ఫైల్లో తత్వం దంచేసి క్లాసులో బోర్డు వైపు తిరిగే నాలుగు పీరియడ్లూ నడిపేవాళ్ళూ ఉంటారు. పోర్ట్‌ఫోలియో రెండోవాళ్ళకి అనుకూలం, ఎంత షీట్ మార్చినా ఆ వాలు పూర్తిగా పోదు. నోట్ బదులు నోటితో చెప్పి ఫోన్లో రికార్డ్ చేసి ఇచ్చినా తీసుకుంటాం అని పెట్టాక కొంచెం సర్దుకుంది.

చివరికి మా దగ్గర ఇప్పుడు ఇంటర్న్‌షిప్ ఇంటర్నల్స్‌లో ఫైలుకి సగం, మిగతా సగం సూపర్‌వైజర్ చూసిన పాఠాలకీ వైవాకీ. ఫైలు ఒక్కదాన్ని బట్టి ఎవర్నీ ఫెయిల్ చేయం, ఫైలు ఒక్కదాన్ని బట్టి ఫస్ట్ కూడా ఇవ్వం. 40 నిమిషాల చదువుకి, ఒకరిద్దరు ఎగ్జామినర్ల తీర్పుకి అంతకన్నా బరువు మోసే బలం లేదు. 60 పేజీలు దాటిన ఫైలు తీసుకోవడం మానేశాం, ల్యామినేషన్ ఉంటే చింపి తీసుకురమ్మంటున్నాం.